రెండు కంపెనీలూ పన్ను కట్ చేయలేదు.. మరి చివర్లో 80 వేలు ఎక్కడి నుంచి వచ్చాయి?

జూలై నెల వచ్చిందంటే జీతగాళ్ల ఇళ్లలో ఇన్‌కమ్ ట్యాక్స్ మాటలు మొదలవుతాయి. ఒకే ఇంట్లో ఒకరికి డబ్బు వెనక్కి వస్తుంది, ఇంకొకరు జేబులోంచి కట్టాల్సి వస్తుంది. ఇద్దరి జీతమూ బ్యాంకులో పడేదే, ఇద్దరికీ కంపెనీయే పన్ను లెక్క చూసేదే. అలాంటప్పుడు ఈ తేడా ఎందుకు?

హైదరాబాద్ టోలీచౌకీలో ఉండే ఒక కుటుంబాన్ని అనుకుందాం. కుటుంబం కల్పితమే కానీ లెక్కలు మాత్రం 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఉన్న కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవే. ఇంట్లో ముగ్గురు సంపాదిస్తారు. పెద్ద కొడుకు ఏడాదంతా ఒకే కంపెనీలో ఉన్నాడు. కూతురు నవంబర్‌లో ఉద్యోగం మానేసింది. చిన్న కొడుకు అక్టోబర్‌లో కంపెనీ మారాడు.

జూలైలో చిన్నవాడు రిటర్న్ వేయడానికి కూర్చున్నాడు. రెండు కంపెనీల పే స్లిప్‌లు ముందు పెట్టుకున్నాడు. పన్నెండు నెలల్లో ఒక్క రూపాయి కూడా పన్ను కట్ కాలేదు. "నాకు పన్ను లేదు భాయీజాన్, అందుకే కట్ చేయలేదు" అని అన్నతో ధీమాగా చెప్పాడు. వివరాలన్నీ నింపాక స్క్రీన్ మీద కట్టాల్సిన మొత్తం వచ్చింది: 80 వేల రూపాయల పైనే.

వెబ్‌సైట్ పొరబడలేదు, రెండు కంపెనీలూ తప్పు చేయలేదు. అదెలాగో తెలియాలంటే ముందు అన్న జీతం లెక్క చూడాలి, ఎందుకంటే మూడింట్లో అదే సాఫీ లెక్క.

ఏప్రిల్‌లోనే మార్చి దాకా అంచనా

ఆదాయపు పన్ను పడేది నెల జీతం మీద కాదు, ఏడాది మొత్తం ఆదాయం మీద. ఆ మొత్తం ఎంతో మార్చి 31 దాటితే గానీ ఖాయంగా తెలియదు. ప్రభుత్వం అంతవరకూ ఆగదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 192 ప్రకారం జీతం ఇచ్చేవాళ్లు ఏడాది ఆదాయాన్ని ముందుగానే అంచనా వేసి, దానిపై వచ్చే పన్నును నెలనెలా జీతంలోంచి కట్ చేసి ప్రభుత్వానికి కట్టాలి. మనం టీడీఎస్ అనేది దీన్నే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, ఈ అంచనా వేసే పద్ధతి మారలేదు.

అన్న జీతం నెలకు లక్షా 25 వేలు. ఏప్రిల్‌లో పేరోల్ వాళ్లు దాన్ని పన్నెండుతో హెచ్చించారు, 15 లక్షలు వచ్చింది. ఇందులోంచి జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే మిగిలింది 14 లక్షల 25 వేలు. పన్ను పడేది దీని మీద.

దీన్ని మెట్లు మెట్లుగా లెక్కిస్తారు. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య భాగానికి 5 శాతం, అంటే 20 వేలు. 8 నుంచి 12 లక్షల మధ్య భాగానికి 10 శాతం, అంటే 40 వేలు. ఆపైన మిగిలిన 2 లక్షల 25 వేలకు 15 శాతం, అంటే 33,750. మొత్తం 93,750. దీనికి 4 శాతం సెస్ 3,750 కలిపితే 97,500. పన్నెండు నెలలకు పంచితే నెలకు 8,125. ఏప్రిల్ పే స్లిప్‌లో కనిపించింది ఈ అంకెనే.

అక్టోబర్‌లో అతనికి లక్ష రూపాయల బోనస్ వచ్చింది. ఏప్రిల్ అంచనాలో ఈ లక్ష లేదు. కాబట్టి పేరోల్ మళ్లీ మొదటి నుంచి లెక్క వేసింది. ఏడాది ఆదాయం 16 లక్షలు, డిడక్షన్ పోగా 15 లక్షల 25 వేలు, పన్ను సెస్‌తో కలిపి 1,13,100. సెప్టెంబర్ దాకా ఆరు నెలల్లో కట్ అయింది 48,750. ఇంకా రావాల్సింది 64,350. మిగిలింది ఆరు నెలలు, అంటే నెలకు 10,725. అక్టోబర్ నుంచి జీతం చేతికి 2,600 తక్కువ రావడానికి కారణం ఇదే. కొన్ని కంపెనీలు బోనస్ మీద పెరిగిన 15,600 పన్నును ఆ ఒక్క నెలలోనే లాగేస్తాయి. అప్పుడు అక్టోబర్ కట్టింగ్ 23,725 అవుతుంది. "బోనస్ మీద ప్రత్యేకంగా ఎక్కువ పన్ను వేశారు" అని చాలామంది అనుకునేది ఇక్కడే. బోనస్‌కు వేరే రేటేమీ లేదు. అది అతని పై మెట్టు మీద కూర్చుంది, ఆ మెట్టు 15 శాతం మెట్టు, అంతే.

అంటే పేరోల్ ప్రతి నెలా చేసే పని ఒక్కటే. ఇప్పటిదాకా ఇచ్చిన జీతం, మార్చి దాకా ఇవ్వబోయే జీతం కలిపి ఏడాది పన్ను లెక్కగడుతుంది. అందులోంచి ఇప్పటిదాకా కట్ చేసింది తీసేసి, మిగిలినదాన్ని మిగిలిన నెలలకు పంచుతుంది. అన్న విషయంలో ఏడాదంతా ఒకే కంపెనీ, జీతం తప్ప వేరే ఆదాయం లేదు. మార్చి వచ్చేసరికి అంచనా, నిజం ఒకటే అయ్యాయి. అతను రిటర్న్ వేస్తే కట్టాల్సిందీ లేదు, వెనక్కి రావాల్సిందీ లేదు.

ఒకే మినహాయింపు రెండుసార్లు

ఇప్పుడు తమ్ముడి సంగతి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మొదటి కంపెనీలో నెలకు 95 వేలు. ఆ కంపెనీ పేరోల్ కూడా అదే సూత్రం పట్టుకుంది. 95 వేలను పన్నెండుతో హెచ్చిస్తే 11 లక్షల 40 వేలు. 75 వేలు పోతే 10 లక్షల 65 వేలు.

ఇక్కడ 2025 బడ్జెట్ తెచ్చిన పెద్ద మార్పు పనిచేసింది. కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే, మెట్ల ప్రకారం వచ్చే పన్నును సెక్షన్ 87ఏ కింద పూర్తిగా మాఫీ చేస్తారు. గరిష్ఠంగా 60 వేల దాకా మాఫీ. స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే జీతం 12 లక్షల 75 వేల వరకు ఉన్నవాళ్లకు పన్ను సున్నా. మొదటి కంపెనీ అంచనాలో తమ్ముడి ఆదాయం ఈ గీత లోపలే ఉంది, కాబట్టి టీడీఎస్ కట్ చేయలేదు.

అక్టోబర్‌లో రెండో కంపెనీలో చేరాడు. జీతం నెలకు లక్షా 30 వేలు. ఆ కంపెనీ లెక్క అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలే. అంటే 7 లక్షల 80 వేలు. ఇది కూడా గీతకు చాలా కింద ఉంది, కాబట్టి మళ్లీ సున్నా.

నిజానికి అతని ఏడాది జీతం మొదటి కంపెనీలో అందుకున్న 5 లక్షల 70 వేలు, రెండో కంపెనీలో అందుకున్న 7 లక్షల 80 వేలు. కలిపితే 13 లక్షల 50 వేలు. 75 వేలు పోతే 12 లక్షల 75 వేలు. గీత దాటిపోయాడు. దాటాక మాఫీ లేదు, మొదటి మెట్టు నుంచి లెక్క మొదలవుతుంది. 20 వేలు, 40 వేలు, చివరి 75 వేల మీద 15 శాతం చొప్పున 11,250. మొత్తం 71,250. సెస్ 2,850 కలిపితే 74,100.

జరిగింది ఏమిటంటే, ఒక మనిషికి ఏడాదికి ఒక్కసారి దొరికే వాటిని రెండు కంపెనీలు చెరొకసారి ఇచ్చేశాయి. 4 లక్షల ఉచిత మెట్టు రెండుసార్లు, 75 వేల డిడక్షన్ రెండుసార్లు, మాఫీ రెండుసార్లు. ఒకరికి ఇంకొకరు ఇచ్చిన జీతం తెలియదు. ఒకే రేషన్ కార్డు మీద రెండు షాపుల్లో బియ్యం తెచ్చుకున్నట్టుంది వ్యవహారం. రిటర్న్ వేసేటప్పుడు రెండు జీతాలూ ఒకే పాన్ నంబర్ కింద ఒకే కాగితం మీదికి వస్తాయి, అప్పుడు అసలు లెక్క బయటపడుతుంది.

12 లక్షల గీతను కొద్దిగా దాటినవాళ్లకు మార్జినల్ రిలీఫ్ అనే ఊరట ఒకటి ఉంది. గీత దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకుండా అది చూస్తుంది. ఉదాహరణకు పన్ను పడే ఆదాయం 12 లక్షల 10 వేలు ఉంటే, పన్ను 61,500 కాకుండా 10 వేలే, దాని మీద సెస్. కానీ ఈ ఊరట సుమారు 12 లక్షల 70 వేల దాకానే పనికొస్తుంది. తమ్ముడు గీత దాటింది 75 వేలు, పన్ను 71,250. దాటిన దానికంటే పన్ను తక్కువే ఉంది, కాబట్టి ఊరట అందలేదు. నసీబ్ అనుకోవడమే.

74 వేలు 80 వేలు ఎలా అయ్యాయి?

మిగతా ఆరు వేల చిల్లర వడ్డీ. దీని గురించి చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చూద్దాం.

టీడీఎస్ పోగా ఇంకా కట్టాల్సిన పన్ను ఏడాదికి 10 వేలు, ఆపైన ఉంటే దాన్ని ఏడాది మధ్యలోనే నాలుగు వాయిదాల్లో అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టాలన్నది నియమం. జూన్ 15కు 15 శాతం, సెప్టెంబర్ 15కు 45 శాతం, డిసెంబర్ 15కు 75 శాతం, మార్చి 15కు మొత్తం. ఇది వ్యాపారులకే అనుకుంటారు, జీతగాళ్లకూ వర్తిస్తుంది. మామూలుగా టీడీఎస్సే ఆ పని చేసేస్తుంది కాబట్టి మనకు తెలియదు.

తమ్ముడికి టీడీఎస్ లేదు, వాయిదాలూ కట్టలేదు. వాయిదాలు తప్పినందుకు సెక్షన్ 234సీ కింద మొదటి మూడింటికి మూడేసి నెలల చొప్పున, చివరిదానికి ఒక నెల చొప్పున నెలకు 1 శాతం లెక్కగడితే సుమారు 3,740 అయింది. మార్చి 31 దాటినా కట్టనందుకు సెక్షన్ 234బీ కింద ఏప్రిల్ నుంచి కట్టే నెల దాకా నెలకు 1 శాతం. జూలైలో కట్టాడు కాబట్టి నాలుగు నెలలకు సుమారు 2,960. రెండూ కలిపి 6,700. అసలు 74,100తో కలిపితే 80,800. జూన్‌లో నేను ఉద్యోగం మారతానని నాకే తెలియదు కదా అంటే చట్టం వినదు. జీతం పెరిగినందుకు ఈ వడ్డీలో మినహాయింపు లేదు.

ఇదంతా ఒక్క కాగితంతో తప్పేది. కొత్త కంపెనీలో చేరినప్పుడు ఇచ్చే ఫారాల్లో 2025-26లో ఫారం 12బీ అని ఒకటి ఉండేది. పాత కంపెనీలో ఆ ఏడాది ఎంత జీతం వచ్చింది, ఎంత పన్ను కట్ అయింది అనేవి అందులో రాసి ఇవ్వాలి. అక్టోబర్‌లోనే అతను 5 లక్షల 70 వేల జీతం, సున్నా టీడీఎస్ అని రాసి ఇచ్చి ఉంటే, కొత్త కంపెనీ 74,100ను ఆరు నెలలకు పంచి నెలకు 12,350 కట్ చేసేది. పన్ను అంతే, కానీ వడ్డీ లేదు, జూలైలో ఒక్కసారిగా 80 వేలు వెతుక్కునే బాధ లేదు.

ఈ వివరాలు ఇవ్వాలా వద్దా అన్నది ఉద్యోగి ఇష్టం, కంపెనీ బలవంతం చేయలేదు. చాలామంది ఇవ్వరు. పాత జీతం ఎంతో హెచ్ఆర్ వాళ్లకు తెలిసిపోతుందని కొందరు, చేతికి వచ్చే జీతం తగ్గుతుందని కొందరు. అసలు ఆ ఫారం ఉందని తెలియనివాళ్లే ఎక్కువ.

మన కంపెనీ లెక్కలో పాత జీతం కలిసిందా లేదా తెలుసుకోవడం కష్టం కాదు. పేరోల్ పోర్టల్‌లో నెల పే స్లిప్‌తో పాటు ట్యాక్స్ షీట్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో ప్రీవియస్ ఎంప్లాయర్ ఇన్‌కమ్ అనే వరుస ఎదురుగా సున్నా ఉంటే, ఉద్యోగం మారినవాళ్లకు అదే హెచ్చరిక. ఫిబ్రవరిలో చూసుకున్నా ఆలస్యం కాలేదు. అప్పుడు చెబితే కంపెనీ మిగిలిన రెండు జీతాల్లోంచి 37,050 చొప్పున కట్ చేస్తుంది. నొప్పిగానే ఉంటుంది, కానీ లెక్క సరిపోతుంది. కంపెనీ వాళ్లు ఇక మార్చలేం అంటే, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఈ-పే ట్యాక్స్ ద్వారా మార్చి 31 లోపు తానే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేయొచ్చు. అప్పుడు 234బీ వడ్డీ పడదు. కట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త: 2025-26లో సంపాదించిన దానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని ఎంచుకోవాలి. ఇక్కడ ఏడాది తప్పు పెడితే కట్టిన డబ్బు ఇంకో ఏడాది ఖాతాలోకి పోతుంది, దాన్ని సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి.

ఆపాకు 56,875 వెనక్కి

ఇంటి ఆడబిడ్డ కథ దీనికి తలకిందులు. ఆమె జీతం కూడా పెద్దన్న లాగే నెలకు లక్షా 25 వేలు. ఏప్రిల్‌లో ఆమె కంపెనీ కూడా ఏడాదికి 15 లక్షలు అని అంచనా వేసి, నెలకు 8,125 కట్ చేసింది. పాపను చూసుకోవడానికి ఆమె నవంబర్ ఆఖర్లో ఉద్యోగం మానేసింది. ఆ ఏడాది మళ్లీ చేరలేదు.

ఆమె నిజంగా సంపాదించింది ఎనిమిది నెలల జీతం, 10 లక్షలు. 75 వేలు పోతే 9 లక్షల 25 వేలు. గీత లోపలే ఉంది. ఆ ఏడాదికి ఆమె పన్ను సున్నా. కానీ డిసెంబర్ నుంచి మార్చి దాకా కూడా జీతం వస్తుందన్న అంచనాతో ముందే కట్ చేసిన డబ్బు ప్రభుత్వం దగ్గర ఉంది. చివరి నెల సెటిల్‌మెంట్‌లో కంపెనీ లెక్క సవరించి నవంబర్‌లో కట్ చేయకుండా వదిలేసింది. అప్పటికే జమ చేసిన ఏడు నెలల మొత్తం 56,875 మాత్రం కంపెనీ చేతిలో లేదు. దాన్ని ఆమే రిటర్న్ వేసి రిఫండ్‌గా తీసుకోవాలి.

"నాకు ఉద్యోగమే లేదు, పన్నూ లేదు, ఇక రిటర్న్ ఎందుకు" అని ఆమె ఊరుకుంటే ఆ 56 వేలు రావు. ఎవరూ ఫోన్ చేసి ఇవ్వరు. పైగా ఆమె ఆదాయం 4 లక్షల ప్రాథమిక పరిమితి దాటింది కాబట్టి, పన్ను సున్నా అయినా రిటర్న్ వేయడం తప్పనిసరి. మాఫీ వల్ల పన్ను లేకపోవడం వేరు, రిటర్న్ అవసరం లేకపోవడం వేరు. మన ఇళ్లలో పెళ్లి వల్లో, కాన్పు వల్లో ఏడాది మధ్యలో ఉద్యోగం మానేసిన ఆడవాళ్ల డబ్బు ఇలాగే ఆగిపోతుంటుంది.

రిటర్న్ వేసే ముందు ఆమె చూసుకోవాల్సింది 26ఏఎస్. కంపెనీ కట్ చేసిన పన్ను ఆమె పాన్ కింద ప్రభుత్వానికి చేరిందా లేదా అన్నది ఇందులో కనిపిస్తుంది. ఫారం 16లో 56,875 ఉండి 26ఏఎస్‌లో తక్కువ ఉంటే రిఫండ్ దగ్గర చిక్కు వస్తుంది, ముందు కంపెనీని అడిగి సరిచేయించుకోవాలి. రిఫండ్ పడే బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో వ్యాలిడేట్ చేసి ఉంచుకోవాలి. పెళ్లయ్యాక బ్యాంకులో ఒక పేరు, పాన్ కార్డులో ఇంకో పేరు ఉంటే ఇక్కడే ఆగుతుంది. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, లేకపోతే గడువులో వేసిన రిటర్న్‌గా అది లెక్కకు రాదు.

రిటర్న్ గడువులోగా వేస్తే, ఏప్రిల్ నుంచి రిఫండ్ ఇచ్చే దాకా ప్రభుత్వం నెలకు అర శాతం కలిపి ఇస్తుంది. ఆమె విషయంలో నెలకు 284 రూపాయలు. తమ్ముడి దగ్గర నెలకు 1 శాతం తీసుకుని, అక్కకు అర శాతం ఇవ్వడం ఏం న్యాయం అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆ కలిపి ఇచ్చిన మొత్తం వచ్చిన ఏడాది ఆదాయం కిందికి వస్తుంది, అది ఇంకో సంగతి.

ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నవాళ్లకు సరిపోయే ఈ లెక్క, మానేసి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు సరిపోదు. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా ఎక్కువ ఇక్కడ ఉంటే, ఆ ఏడాదికి ఇక్కడి నివాసిగానే లెక్క. నవంబర్‌లో వెళ్లినవాళ్లు ఆ రోజులు ఎప్పుడో దాటేసి ఉంటారు. అప్పుడు రియాద్‌లోనో దుబాయ్‌లోనో మార్చి దాకా అందుకున్న జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లోకి వచ్చే అవకాశం ఉంది. సెప్టెంబర్ చివరి వారానికి ముందే వెళ్లినవాళ్ల సంగతి వేరు. రిఫండ్ వస్తుందని ధైర్యంగా ఖర్చు పెట్టేముందు, వీసా తేదీలు పట్టుకుని చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవడం మంచిది.

పేరోల్‌కు కనిపించనివి

పెద్దన్న లెక్క సరిగ్గా సరిపోయిందంటే, అతనికి జీతం తప్ప వేరే ఆదాయం లేదని అనుకున్నాం కాబట్టి. చాలామందికి ఏదో ఒకటి ఉంటుంది. మేడ మీద పోర్షన్ అద్దె, షేర్లు అమ్మిన లాభం, బ్యాంకు వడ్డీ. ఇవేవీ పేరోల్ లెక్కలో ఉండవు, మనమే చెబితే తప్ప. షేర్లను ఏడాదిలోపు అమ్మిన లాభానికి 12 లక్షల మాఫీ కూడా వర్తించదు. జీతం గీత లోపలే ఉంది, నాకు పన్ను సున్నా అనుకున్న కుర్రవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు.

వడ్డీ విషయంలో మన ఇళ్లలో ఒక ప్రత్యేకమైన పొరపాటు జరుగుతుంది. సేవింగ్స్ ఖాతాలో పడిన వడ్డీని చాలామంది సొంతానికి వాడుకోరు. లెక్కగట్టి, సవాబ్ ఆశించకుండా అవసరంలో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారు. నేను తీసుకోలేదు కదా, నా ఆదాయం ఎలా అవుతుంది అని రిటర్న్‌లో చూపరు. కానీ పన్ను చట్టం ఖాతాలో పడిందా లేదా అన్నదే చూస్తుంది, తర్వాత ఎవరికి ఇచ్చామన్నది చూడదు. బ్యాంకు ఆ వివరాలు పంపుతుంది, పోర్టల్‌లో మన ఏఐఎస్ పేజీలో అవి కనిపిస్తాయి. సేవింగ్స్ ఖాతా వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్ కూడా కట్ చేయదు. పెద్దన్న ఖాతాలో ఏడాదికి 20 వేలు పడి ఉంటే, అతని మెట్టు ప్రకారం సెస్‌తో కలిపి 3,120 రూపాయలు మార్చి తర్వాత కట్టాల్సి వచ్చేది. ఇవ్వదలచుకున్నవాళ్లు ఈ పన్నును కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇలాంటి ఆదాయాన్ని కూడా కంపెనీకి ముందే రాసి ఇవ్వొచ్చు, అప్పుడు దాని పన్ను కూడా జీతంలోంచే కట్ అవుతుంది. ఇష్టం లేకపోతే మార్చి లోపు సొంతంగా కట్టుకోవచ్చు.

తమ్ముడు ఆ 80,800 చెల్లించాకే రిటర్న్ సబ్మిట్ చేశాడు. అక్క రిఫండ్ వచ్చాక అందులోంచి అప్పు ఇస్తుందేమో అని ఇంట్లో బేరం నడుస్తోంది. అతనికి ఈ అక్టోబర్‌లో ఇంకో కంపెనీ నుంచి ఆఫర్ వచ్చేలా ఉందట. ఈసారి చేరే రోజున సర్టిఫికెట్ల ఫైల్‌లో పాత కంపెనీ ఆఖరి పే స్లిప్ కూడా పెట్టుకుంటానని అంటున్నాడు.